అడిగేది మొదట, కారణం తర్వాత: పొడవాటి మెయిల్‌ను మూడు పేరాల్లోకి తేవడం

ప్రశ్న: ఆఫీసులో నేను రాసే మెయిల్స్ చాలా పొడుగవుతున్నాయి. జరిగిందంతా చెప్పకపోతే అవతలి వాళ్లకి అర్థం కాదేమోనని టెన్షన్. చివరికి జవాబు రాదు, వచ్చినా "ఇంతకీ ఏం కావాలి?" అని వస్తుంది. మూడు చిన్న పేరాల్లో రాయమంటారు, కానీ ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలియడం లేదు. మొదటి లైన్లోనే అడిగేస్తే మర్యాదగా ఉండదేమో కూడా. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు పద్ధతి చెప్పండి.

సమాధానం:

చాలా ఏళ్లుగా ఇతరుల ఆఫీసు మెయిల్స్, నోట్స్ సరిదిద్దే పని చేస్తున్నాను. అందులో నాకు స్పష్టంగా తెలిసింది ఒకటుంది. మెయిల్ పొడుగవడానికి కారణం మాటలు ఎక్కువ కావడం కాదండి. రాసేవాళ్లు తమకు ఏం కావాలో ఇంకా తేల్చుకోకుండానే రాయడం మొదలుపెడతారు. రాస్తూ రాస్తూ ఆలోచిస్తారు, ఆ ఆలోచన అంతా మెయిల్లోకి వచ్చేస్తుంది. అందుకే వాక్యాలు కత్తిరిస్తూ కూర్చుంటే పని జరగదు. నాలుగు వందల మాటలు మూడు వందలు అవుతాయి, అడిగేది మాత్రం ఇంకా అడుగునే ఉంటుంది.

ఒక మెయిల్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. ఇది ఒక సహోద్యోగి తన మేనేజర్‌కి రాసుకున్న డ్రాఫ్ట్. ఆమె అనుమతితో వివరాలు కొంత మార్చి పెడుతున్నాను. సోమవారం, 10వ తేదీన రాసింది.

"సబ్జెక్ట్: సర్వే రిపోర్ట్ గురించి

నమస్కారం సర్, మీరు బాగున్నారని తలుస్తాను. పోయిన వారం మీటింగ్‌లో సర్వే రిపోర్ట్ గురించి మాట్లాడుకున్నాం కదా, ఆ విషయమై రాస్తున్నాను. ఫీల్డ్ టీమ్ నుంచి డేటా రెండు ఫైళ్లుగా వచ్చింది. రెండో ఫైల్ రెండు రోజులు ఆలస్యమైంది, సర్వర్ సమస్య వల్ల అన్నారు. రెండూ కలిపి చూస్తే 1,200 సమాధానాల్లో 310 వాటికి ప్రాంతం కాలమ్ ఖాళీగా ఉంది. మేం కలపడంలో తప్పు జరిగిందేమో అని మళ్లీ మొదటి నుంచి చేశాం, అదే వచ్చింది. ఫీల్డ్ టీమ్‌కి ఫోన్ చేస్తే ఆ వివరాలు కాగితం ఫారాల్లో ఉన్నాయని, అవి చూసే ఆవిడ సెలవులో ఉన్నారని, 17న వస్తారని చెప్పారు. వేరే ఎవరైనా చూడగలరా అని అడిగితే ఫారాలు ఆవిడ బీరువాలో ఉన్నాయి, తాళం ఆవిడ దగ్గరే ఉంది అన్నారు. ప్రాంతాల వారీ టేబుళ్లే ఈ రిపోర్ట్‌లో ముఖ్యమని మీరే అన్నారు కదా. ఆ 310 తీసేసి కూడా చేయొచ్చు, కానీ ఎంతవరకు బాగుంటుందో తెలియదు. డిజైన్ టీమ్ మనకోసం 12, 13 తేదీలు కేటాయించింది. ఇంకో విషయం, వచ్చే సర్వేలో ప్రాంతం గడిని తప్పనిసరి చేస్తే ఈ సమస్య రాదు, దాని మీద కూడా మీ అభిప్రాయం కావాలి. 14కి ఇవ్వడం కొంచెం కష్టంగా అనిపిస్తోంది. ఏం చేద్దామో మీరు చెప్తే దాన్ని బట్టి ముందుకెళ్తాం."

ఇందులో అబద్ధం లేదు, అనవసరమైన గొప్పలు లేవు. శ్రద్ధగా పనిచేసే మనిషి రాసిన మెయిల్. కానీ ఇది ఆమెకు విషయం తెలిసిన వరుసలో ఉంది. ముందు ఫైళ్లు, తర్వాత తప్పు, తర్వాత ఫోన్లు, చివర ఏం చేయాలన్న అయోమయం. మేనేజర్‌కి ఈ వరుసతో పనిలేదు. ఆయన ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం ఏమిటో ముందు తెలిస్తేనే 310 అన్న అంకె ఎందుకు ముఖ్యమో, రెండు రోజుల ఆలస్యం ఎందుకు ముఖ్యం కాదో ఆయనకు అర్థమవుతుంది. ఇక్కడేమో అంకెలన్నీ మోసుకుంటూ చివరి దాకా చదవాలి. అక్కడ కనిపించేది "ఏం చేద్దామో మీరు చెప్తే". అంటే ఆలోచించే పని మొత్తం ఆయన మీదకే వెళ్లింది. ఇలాంటి మెయిల్‌ని ఎవరైనా "తీరిగ్గా చూద్దాం" అని పక్కన పెడతారు.

ముందు డ్రాఫ్ట్ మూసేయండి

మెయిల్ పక్కన పెట్టి, విడిగా ఒక్క వాక్యం రాయండి. "ఇది చదివాక ఫలానా వాళ్లు ఫలానా పని ఫలానా రోజు లోపు చేయాలి." ఎవరు, ఏం, ఎప్పటికి. ఈ మూడూ నిండాలి. డ్రాఫ్ట్ చూస్తూ రాస్తే అందులోని వాక్యాలే మళ్లీ వస్తాయి, అందుకే మూసేయమంటున్నాను.

మా సహోద్యోగిని ఈ వాక్యం రాయమంటే మొదట "సర్ డేటా సమస్య గురించి చెప్పాలి" అని రాసింది. చెప్పడం పని కాదు. "సరే, ఆయన ఏం చెప్తే నీకు పని సాగుతుంది?" అని అడిగాను. "గడువు 21కి మారిస్తే సాగుతుంది" అంది. డ్రాఫ్ట్ మళ్లీ చదవండి, 21 అన్న మాట అందులో ఎక్కడా లేదు! ఆమె మనసులో ఉన్న అసలు కోరిక మెయిల్లోకే రాలేదు. "కొంచెం కష్టంగా అనిపిస్తోంది" అన్న వాక్యం వెనుక దాక్కుంది. పొడవాటి మెయిల్స్‌లో ఇది నాకు చాలా తరచుగా కనిపిస్తుంది. అడగడానికి మొహమాటపడి, పరిస్థితి అంతా చెప్తే అవతలివాళ్లే అర్థం చేసుకుంటారని ఆశపడతాం.

ఆ వాక్యం ఇలా తేలింది: "సర్ గడువును 14 నుంచి 21కి మార్చడానికి మంగళవారం సాయంత్రం లోపు ఒప్పుకోవాలి." మంగళవారం ఎందుకంటే బుధవారం 12న డిజైన్ టీమ్ పని మొదలుపెడుతుంది. ఆలోపు తెలియకపోతే వాళ్ల రెండు రోజులు వృథా. గడువు పెట్టినప్పుడు దాని వెనుక ఇలాంటి అసలైన కారణం ఉండాలి. కారణం లేకుండా "వీలైనంత త్వరగా" అని రాస్తే చదివేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది. 21కి ఇవ్వాలంటే డిజైన్ టీమ్ 19, 20 తేదీల్లో ఖాళీగా ఉండాలి. ఉన్నారా? ఆమె అడగలేదు. ఆ పెద్ద డ్రాఫ్ట్‌లో ఈ లోటు ఎవరికీ కనిపించదు. అడిగేది ఒక్క వాక్యానికి వచ్చేసరికి వెంటనే కనిపించింది. ఒక ఫోన్ చేసి కనుక్కుంది, ఖాళీ ఉంది అన్నారు. మెయిల్ చిన్నది చేస్తుంటే ఇలా ఒక ఫోనో, ఒక లెక్కో చేయాల్సి రావడం మామూలే. ఆ పని మీరు చేయకపోతే మేనేజర్ "డిజైన్ వాళ్లని అడిగారా?" అని తిరుగు మెయిల్ పెడతారు, మరో రోజు పోతుంది.

ఇప్పుడు డ్రాఫ్ట్ తెరిచి వాక్యాలు ఏరండి

ప్రతి వాక్యం దగ్గర ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ వాక్యం లేకపోతే ఆయన నిర్ణయం మారుతుందా?

రెండో ఫైల్ ఆలస్యం కావడం, సర్వర్ సమస్య. మారదు. మేం మళ్లీ మొదటి నుంచి చేసి చూశాం. ఇది తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. "మా తప్పు కాదని తెలియాలి కదా" అంది. ఆ భయం న్యాయమైనదే, కానీ దానికి రెండు మాటలు చాలు. "రెండుసార్లు సరిచూశాం" అంటే సరిపోతుంది. బీరువా, తాళం సంగతి. ఇది కథలా ఆసక్తిగా ఉంటుంది కానీ ఇందులో ఆయనకు కావలసింది "17కి ముందు ఆ వివరాలు దొరకవు" అన్న ఒక్క విషయమే. మనం పడ్డ కష్టాన్ని చెప్పే వాక్యాలు తీసేయడమే అన్నిటికన్నా బాధగా ఉంటుంది. పడ్డ కష్టం ఫలితంలో కనిపించాలి, వర్ణనలో కాదు.

310 అంకె మాత్రం తప్పకుండా ఉండాలి. దాన్ని అలాగే వదలకుండా దాని బరువు కూడా చెప్పాలి. 1,200లో 310 అంటే నాలుగో వంతుకు పైనే. "ఎంతవరకు బాగుంటుందో తెలియదు" అన్న చోట ఈ మాట పెడితే ఆయనకు వెంటనే తెలుస్తుంది. ఆ 310 వదిలేసి 14కే ఇవ్వొచ్చన్నది కూడా ఉండాలి. అది మనకు ఇష్టం లేని దారే కావచ్చు. కానీ రెండో దారి ఉందని దాచిపెట్టి అనుమతి అడిగితే, అది తర్వాత బయటపడినప్పుడు నమ్మకం పోతుంది.

వచ్చే సర్వే ఫారం మార్పు సంగతి? అది మంచి ఆలోచన, కానీ ఈ మెయిల్‌కి చెందదు. ఒక మెయిల్లో రెండు అడిగితే చదివేవాళ్లు తేలికైనదానికి జవాబిచ్చి కష్టమైనదాన్ని వదిలేస్తారు. ఇక్కడ అయితే "ఫారం మార్పు బాగుంది, చేయండి" అని జవాబు వచ్చేది, గడువు సంగతి అలాగే ఉండిపోయేది. దాన్ని వేరే మెయిల్‌గా, రిపోర్ట్ అయిపోయాక పంపమన్నాను.

మిగిలిన మెయిల్

"సబ్జెక్ట్: సర్వే రిపోర్ట్ గడువు 14 నుంచి 21కి మార్పు, రేపు సాయంత్రం లోపు మీ అనుమతి కావాలి

నమస్కారం సర్,

సర్వే రిపోర్ట్ గడువును ఈ శుక్రవారం 14 నుంచి వచ్చే శుక్రవారం 21కి మార్చడానికి మీ అనుమతి కోరుతున్నాను. డిజైన్ టీమ్ బుధవారం పని మొదలుపెట్టాల్సి ఉంది కాబట్టి, రేపు మంగళవారం సాయంత్రం 5 లోపు చెప్పగలిగితే వాళ్ల తేదీలు మార్పిస్తాను.

వచ్చిన 1,200 సమాధానాల్లో 310 వాటికి ప్రాంతం నమోదు కాలేదు, రెండుసార్లు సరిచూశాం. ఆ వివరాలు ఫీల్డ్ టీమ్ దగ్గరున్న కాగితం ఫారాల్లో ఉన్నాయి, 17కి ముందు దొరకవు. వాటిని వదిలేసి 14కే ఇవ్వొచ్చు, కానీ అప్పుడు నాలుగో వంతుకు పైగా సమాధానాలు ప్రాంతాల వారీ టేబుళ్లలోకి రావు.

మీరు సరే అంటే 18 నాటికి డేటా పూర్తిచేస్తాం, 19, 20 తేదీల్లో డిజైన్ టీమ్ ఖాళీగా ఉన్నామని చెప్పింది, 21న రిపోర్ట్ మీకు అందుతుంది. గడువు మార్చడం కుదరదంటే ఆ 310 లేకుండా, ఆ సంగతి మొదటి పేజీలోనే రాసి 14న ఇస్తాను."

మూడు పేరాలకీ మూడు పనులు. మొదటిది అడుగుతుంది. రెండోది ఒప్పుకోవడానికో కాదనడానికో కావలసిన కారణాలు చెప్తుంది. మూడోది ఆయన ఏ జవాబిచ్చినా తర్వాత ఏం జరుగుతుందో చెప్తుంది. మూడో పేరాని చాలామంది "మీ సహకారానికి ధన్యవాదాలు" లాంటి మాటలతో నింపేస్తారు. అది నాకు నచ్చదు, ఎందుకంటే అన్నిటికన్నా త్వరగా జవాబు తెప్పించేది ఆ పేరానే. "సరే" అన్నా "కుదరదు" అన్నా తాను ఇంకేమీ చేయక్కర్లేదని తెలిస్తే, ఆయన ఫోన్లోనే, ఉన్న చోటి నుంచే ఒక్క మాటలో జవాబు పెట్టేస్తారు.

సబ్జెక్ట్ లైన్ కూడా మారింది చూడండి. "సర్వే రిపోర్ట్ గురించి" అన్నది ఇరవై మెయిల్స్‌కి సరిపోయే పేరు. ఫోన్లో మెయిల్ తెరవకముందే సబ్జెక్ట్, దాని కింద మెయిల్ మొదటి మాటలు కొన్ని కనిపిస్తాయి. "బాగున్నారని తలుస్తాను, పోయిన వారం మీటింగ్‌లో" అన్న మాటలతోనే ఆ చోటు నిండిపోతే అడిగేది లోపలే ఉండిపోతుంది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. అమెరికా సైన్యంలో ఉత్తరాలు రాసే తీరుకి ఏఆర్ 25-50 అనే నియమావళి ఉంది. సిఫార్సు, తేలిన నిర్ణయం లాంటి అసలు విషయాన్ని ముందే పెట్టాలని అందులో చెప్తారు. అక్కడ దీన్ని బాటమ్ లైన్ అప్ ఫ్రంట్ అంటారు, పొట్టిగా బ్లఫ్. అయితే మొదటి పేరాలో అసలు విషయం పెట్టడం నేర్చుకున్నవాళ్లు కూడా మూడో పేరాని పట్టించుకోరు.

మర్యాద సంగతి

మీ సందేహం నాకు అర్థమైంది. పెద్దవాళ్లని చూడగానే పని చెప్పం, క్షేమం అడిగి మెల్లగా విషయానికి వస్తాం. ఎదురుగా మాట్లాడేటప్పుడు అది సరైనదే. అవతలి మనిషి ముఖం చూస్తూ ఉంటాం కాబట్టి ఎప్పుడు విషయానికి రావాలో తెలుస్తుంది. మెయిల్లో ఆ వీలు లేదు. అక్కడ ఉపోద్ఘాతం పెరిగేకొద్దీ చదివేవాళ్ల సమయం పోతుంది.

మర్యాద చూపించే చోట్లు వేరే ఉన్నాయి. "నమస్కారం సర్" ఉంది. "అనుమతి కోరుతున్నాను", "చెప్పగలిగితే" అన్న మాటల్లో ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయన కాదనడానికి వీలుగా రెండో దారి చూపించడంలో ఉంది. పై మెయిల్‌నే "గడువు 21కి మార్చండి" అని మొదలుపెడితే మొరటుగా ఉండేది. అక్కడ తప్పు, వాక్యం ముందు రావడంలో లేదు, క్రియలో ఉంది. మీకు భయంగా ఉంటే క్రియను మెత్తగా చేయండి, వాక్యాన్ని మాత్రం కిందికి జరపకండి. మెత్తదనం మరీ ఎక్కువైనా ప్రమాదమే. "వీలుంటే గడువు విషయం ఒకసారి ఆలోచిస్తే బాగుంటుందేమో అని" రాస్తే అది అడిగినట్టూ కాదు, అడగనట్టూ కాదు.

ఎక్కడ దెబ్బతింటుంది

కొత్తగా ఈ పద్ధతి పట్టుకున్నవాళ్లు చేసే పొరపాటు, మొదటి పేరాని మరీ కుదించడం. "సర్, 21కి మీ అనుమతి కావాలి" అని మొదలుపెడతారు. ఏ 21? దేనికి అనుమతి? రోజంతా ఆ రిపోర్ట్‌తోనే ఉన్నవాళ్లకి అది స్పష్టంగానే ఉంటుంది, పది పనుల మధ్య ఉన్న మేనేజర్‌కి ఉండదు. మొదటి పేరాని మాత్రమే ఈ పనితో సంబంధం లేని ఒకరికి చూపించి "నేను ఎవరిని, ఏం, ఎప్పటిలోపు అడుగుతున్నాను?" అని అడగండి. చెప్పలేకపోతే ఒక పేరో, ఒక తేదీయో లోపించిందన్నమాట.

ఇంకోటి, అవతలివాళ్లు మిమ్మల్ని ఎరగనివాళ్లయితే అడిగేదానికి ముందు మీరెవరో ఒక్క వాక్యం ఉండాలి. ఒక్కటే, పేరా కాదు. ఎవరికైనా బాధ కలిగించే వార్త చెప్పాల్సి వస్తే ఈ పద్ధతి అసలు వాడకండి, వీలైతే మెయిలే వద్దు. ఫిర్యాదులు, విచారణల్లో అయితే జరిగినదంతా తేదీల వారీగా రికార్డులో ఉండాల్సిందే. అప్పుడు కూడా మెయిల్ మూడు పేరాలే ఉంచి, తేదీల కథను వేరే ఫైల్‌గా జతచేసి, రెండో పేరాలో "పూర్తి వివరాలు జతచేశాను" అనండి. ఫైల్ తెరవకుండానే నిర్ణయం తీసుకోగలిగేలా మెయిల్ ఉండాలి. తెరిస్తే తప్ప అర్థం కాదంటే రెండో పేరా ఇంకా పూర్తికాలేదు.

మీరు తీసేసినవి సరైనవో కాదో వచ్చే జవాబులే చెప్తాయి. "డిజైన్ వాళ్లకి కుదురుతుందా?" లాంటి ప్రశ్న తిరిగి వచ్చిందంటే నిర్ణయానికి అవసరమైన విషయం ఒకటి వదిలేశారు. ఆ మనిషికి రాసే తర్వాతి మెయిల్లో అలాంటి విషయానికి రెండో పేరాలో చోటివ్వండి. ఒక్కో మేనేజర్ ఒక్కో రకం ప్రశ్న వేస్తారు, నాలుగైదు మెయిల్స్‌లో ఆయన ఏది ముందు అడుగుతారో మీకు తెలిసిపోతుంది. "చూస్తాను" అని వచ్చిందంటే లోపం మొదటి పేరాలో ఉంది, చేయాల్సిన పనో తేదీయో స్పష్టంగా లేదు. అసలు జవాబే రాకపోతే సబ్జెక్ట్ లైన్ చూడండి, ఆ తర్వాత టూ గడిలో ఎంతమంది ఉన్నారో చూడండి. ముగ్గురిని పెడితే మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు జవాబిస్తారని ప్రతివాళ్లూ అనుకుంటారు. నిర్ణయం తీసుకునే ఒక్కరినే టూలో పెట్టి, మిగిలినవాళ్లని సీసీలోకి మార్చండి.

గడువు దగ్గరపడినా జవాబు లేకపోతే కొత్త మెయిల్ రాయకండి. పంపిన దానికే రిప్లై కొట్టి పైన ఒక్క వాక్యం చాలు: "సర్, సాయంత్రం 5 లోపు మీ మాట తెలియకపోతే డిజైన్ టీమ్ పాత తేదీల ప్రకారమే రేపు మొదలుపెడుతుంది, అప్పుడు 310 లేకుండానే 14న ఇస్తాను." కిందున్న మూడు పేరాలు చిన్నవే కాబట్టి ఆయన అక్కడే మళ్లీ చదువుకుంటారు.